డబ్బు కట్టినా పాఠాలు తెరుచుకోని ఆన్‌లైన్ కోర్సు: విశాఖలో కూర్చునే రిఫండ్ రాబట్టుకోవడం ఎలా

ముందు ఒక ఉదాహరణ అనుకుందాం, చివరిదాకా దాన్నే పట్టుకుని వెళ్దాం. మద్దిలపాలెంలో ఉండే ఒక డిగ్రీ అమ్మాయి డేటా అనలిటిక్స్ కోర్సు కొంది. ఫీజు 15,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 2,700, మొత్తం 17,700. ఏప్రిల్ 3న వాళ్ల నాన్నగారి క్రెడిట్ కార్డుతో కట్టింది. డబ్బు కట్టగానే 120 రికార్డెడ్ పాఠాలు తెరుచుకుంటాయని అమ్మకం పేజీలో రాసి ఉంది. కంపెనీ ఉండేది బెంగళూరులో. లాగిన్ అయితే కోర్సు పేరు కనిపిస్తోంది గానీ ప్రతి పాఠం పక్కనా తాళం బొమ్మే. హెల్ప్‌లైన్‌కు చేస్తే "24 నుంచి 48 గంటల్లో వచ్చేస్తుంది మేడమ్" అంటున్నారు. అలా వారం గడిచింది. అప్పుడు రిఫండ్ అడిగితే "మా పాలసీ ఏడు రోజులే" అన్నారు.

ఇలాంటి గొడవల్లో ఎక్కువమంది ఓడిపోయేది ఈ ఏడు రోజుల మాట దగ్గరే. కోర్సు నచ్చక వెనక్కి ఇవ్వడం వేరు, కోర్సు అసలు చేతికి రాకపోవడం వేరు. ఏడు రోజుల పాలసీ మొదటిదానికి రాసుకున్నది. రెండోది సేవాలోపం. అమ్మినవాడు తన పాలసీలో ఏం రాసుకున్నా, ఇవ్వని వస్తువుకు తీసుకున్న డబ్బు అతనిది కాదు. అందుకే మొదటి మెయిల్ నుంచి చివరి కాగితం దాకా మీ మాట ఒక్కటే ఉండాలి: "డబ్బు కట్టాను, పాఠాలు అందలేదు." టీచర్ బాగోలేదట, ఫ్రెండ్ వేరే కోర్సు చెప్పింది, ఇప్పుడు టైమ్ లేదు వంటివి నిజమైనా సరే రాయకండి. ఆ ఒక్క వాక్యంతో కంపెనీ మిమ్మల్ని "మనసు మార్చుకున్న కస్టమర్" గా మార్చేస్తుంది, ఏడు రోజుల గోడ మళ్లీ అడ్డం వస్తుంది.

మొదట: డబ్బు వాళ్లకు చేరిందా?

ఫిర్యాదు రాసే ముందు ఇది తేల్చుకోవాలి, ఎందుకంటే ఇక్కడ దారులు రెండుగా చీలతాయి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో డబ్బు పోయినట్టు ఉన్నా, కంపెనీ దగ్గర ఆర్డరే లేకపోవచ్చు. పేమెంట్ గేట్‌వే నుంచి కంపెనీ సర్వర్‌కు వెళ్లాల్సిన సమాచారం మధ్యలో తెగిపోతే ఇలా జరుగుతుంది. మీకు ఆర్డర్ నంబరు గానీ ఇన్వాయిస్ గానీ మెయిల్‌కు రాకపోతే, కంపెనీ "మాకు పేమెంట్ రాలేదు" అంటే, ఇది విఫలమైన లావాదేవీ. దీనికి 2019 సెప్టెంబరు 20 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ఉంది. యూపీఐతో వ్యాపారికి కట్టినా, ఆన్‌లైన్‌లో కార్డుతో కట్టినా, అటువైపు నిర్ధారణ అందకపోతే లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా డబ్బు దానంతటదే మీ ఖాతాకు తిరిగి రావాలి. ఆ గడువు దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. అప్పుడు మీ గొడవ బ్యాంకుతోనే, కోర్సు కంపెనీతో కాదు.

ఆర్డర్ నంబరు వచ్చి, పాఠాలు మాత్రం తెరుచుకోకపోతే ఇంకో చిన్న తనిఖీ చేయండి. డబ్బు కట్టేటప్పుడు ఇచ్చిన మెయిల్, ఫోన్ నంబరు ఒకటి, లాగిన్ అయ్యేది ఇంకొకటి అయిందేమో చూడండి. నాన్నగారి కార్డుతో కట్టినప్పుడు ఆయన నంబరే అక్కడ పడిపోవడం మామూలే. అప్పుడు కోర్సు ఆయన నంబరు మీద సృష్టించిన ఖాతాలో హాయిగా తెరిచి ఉంటుంది. ఇన్వాయిస్ మీద ఉన్న నంబరుతోనే ఒకసారి లాగిన్ అయి చూస్తే తేలిపోతుంది. ఫోన్ యాప్‌లో రాకపోతే కంప్యూటర్ బ్రౌజర్‌లో కూడా చూడండి. ఇది చేయకుండా ఫిర్యాదు చేస్తే, రేపు కంపెనీ "వేరే ఖాతాలో తెరిచే ఉంది" అని ఒక స్క్రీన్‌షాట్ చూపించి మిమ్మల్ని నోరు మూయించగలదు.

కోర్సు యాప్ లోపల గూగుల్ ప్లే ద్వారా కట్టి ఉంటే మాత్రం ఆలస్యం వద్దు. కొన్న 48 గంటల్లోపు అయితే రిఫండ్ గూగుల్‌నే అడగవచ్చు. ఆ తర్వాత మామూలుగా యాప్ తయారుచేసినవాళ్లనే అడగమంటారు.

తాళం బొమ్మకు సాక్ష్యం

"పాఠాలు రాలేదు" అన్నది లేనిదాన్ని నిరూపించడం. అది ఉన్నదాన్ని నిరూపించడం కంటే కష్టం. ఒక్క స్క్రీన్‌షాట్ చాలదు, అది ఏ రోజుదో ఎవరికీ తెలియదు. స్క్రీన్ రికార్డింగ్ తీయండి, రెండు నిమిషాలు చాలు. ముందు ఫోన్‌లో తేదీ, సమయం కనిపించేలా చూపించండి. తర్వాత లాగిన్ అవండి, మీ పేరు లేదా మెయిల్ కనిపించే ప్రొఫైల్ పేజీ తెరవండి, అక్కడి నుంచి కోర్సుకు వెళ్లండి, మూడు నాలుగు పాఠాల మీద నొక్కి ఏం వస్తుందో చూపించండి. "0%" అని పూర్తయిన శాతం కనిపిస్తుంటే అది కూడా రావాలి. మధ్యలో ఎక్కడా కట్ చేయకండి. ఇదే రికార్డింగ్ వారం తర్వాత ఒకసారి, మెయిల్ పంపే రోజు ఒకసారి తీస్తే, లోపం ఒక గంటది కాదు, కొనసాగుతోందని తేలుతుంది.

రెండోది అమ్మకం పేజీ. "వెంటనే అందుబాటు", "120 పాఠాలు" అన్న మాటలు ఈరోజు ఉంటాయి, మీ ఫిర్యాదు వెళ్లాక మారిపోవచ్చు. ఆ పేజీని ప్రింట్ ఆప్షన్ ద్వారా పీడీఎఫ్‌గా దాచుకోండి. అదే లింకును web.archive.org లో పెట్టి Save Page Now నొక్కితే ఆ రోజు తేదీతో ఒక ప్రతి ఆ సైట్‌లో కూడా ఉంటుంది. రిఫండ్ పాలసీ పేజీకీ ఇలాగే చేయండి.

మూడోది డబ్బు కాగితాలు: ఇన్వాయిస్, కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ ఒక్క వరస, యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబరు. స్టేట్‌మెంట్‌లో కోర్సు పేరు బదులు పేమెంట్ గేట్‌వే పేరు ఉండటం మామూలు విషయం, కంగారు పడనక్కర్లేదు. గేట్‌వే నుంచి వచ్చిన రసీదు మెయిల్‌లో రెండు పేర్లూ కలిసి ఉంటాయి, దాన్ని దాచండి.

ఇన్వాయిస్ మీద ఉన్న జీఎస్టీ నంబరు చాలా విలువైనది. యాప్ పేరు వేరు, దాని వెనక ఉన్న కంపెనీ పేరు వేరు. రేపు నోటీసు ఇవ్వాల్సింది కంపెనీకి. gst.gov.in లో Search Taxpayer కింద ఆ నంబరు కొడితే కంపెనీ చట్టబద్ధమైన పేరు, ప్రధాన వ్యాపార స్థలం కనిపిస్తాయి. ఇన్వాయిస్ అసలు ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వాణిజ్య విధానమే.

ఫోన్‌లో మాట్లాడిన ప్రతి మాటా గాలిలో పోయేదే. కాల్ అయిన వెంటనే "ఈరోజు ఉదయం 11 గంటలకు మీ ప్రతినిధి 48 గంటల్లో పాఠాలు తెరుస్తామని చెప్పారు" అని ఒక వాక్యం మెయిల్ చేయండి. వాళ్లు కాదనకపోతే అది రికార్డులో ఉండిపోతుంది.

పాఠాలా, డబ్బా? ముందే తేల్చుకోండి

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు, తర్వాత బాధపడతారు. మీరు గట్టిగా ఫిర్యాదు చేసిన మర్నాడే పాఠాలు తెరుచుకోవచ్చు. మీరు ఆత్రంగా ఒక వీడియో తెరిచి చూస్తారు. వాళ్ల సర్వర్‌లో "ఫలానా తేదీన పాఠం 1 చూశారు" అని నమోదవుతుంది. ఆ తర్వాత మీరు ఎక్కడికి వెళ్లినా ఆ లాగ్ వాళ్ల చేతిలో ఆయుధం: "సేవ అందింది, వాడుకున్నారు కూడా."

అందుకని ఇంట్లో కూర్చుని నిర్ణయించుకోండి. పాఠాలే కావాలంటే రిఫండ్ మాట ఎత్తకుండా ఒక తేదీ పెట్టి తెరవమనండి, ఆలస్యమైనన్ని రోజులు గడువు పొడిగించమనండి. డబ్బే కావాలనుకుంటే, రిఫండ్ అడిగిన క్షణం నుంచి ఏ పాఠాన్నీ తాకకండి. తెరుచుకున్నాయని మెయిల్ వస్తే "నేను ఫలానా తేదీన కొనుగోలు రద్దు చేసి రిఫండ్ అడిగాను. ఆలస్యంగా తెరిచిన పాఠాలను స్వీకరించడం లేదు, వాడలేదు" అని అదే రోజు జవాబివ్వండి.

కూపన్లు, "తర్వాతి బ్యాచ్‌కు మార్చాం", "ఇంకో కోర్సు ఉచితం" వంటివి కూడా ఇదే కోవ. మన ఉదాహరణలో అమ్మాయికి ఏప్రిల్ 10న 2,000 రూపాయల కూపన్, మే 15 బ్యాచ్ ఇస్తామని మెయిల్ వచ్చింది. కింద Accept అని ఒక బటన్. దాన్ని నొక్కితే పాత ఒప్పందం పోయి కొత్తది వచ్చినట్టే వాళ్లు వాదిస్తారు. ఆమె నొక్కలేదు, వద్దని రాసింది. అదే సరైన పని.

మెయిల్: ఎవరికి, ఏమని

సపోర్ట్ చాట్‌లో వందసార్లు రాసినా అది ఒక్క మెయిల్‌తో సమానం కాదు. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో వస్తువులు, సేవలు అమ్మే సంస్థ గ్రీవెన్స్ ఆఫీసర్‌ను పెట్టి, ఆ వ్యక్తి పేరు, హోదా, సంప్రదించే వివరాలు తన సైట్‌లో చూపించాలి. డిజిటల్ ఉత్పత్తులు కూడా ఈ నిబంధనల్లోకి వస్తాయి. ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. సైట్ అడుగున ఉండే నిబంధనల పేజీలోనో, ప్రైవసీ పాలసీలోనో ఆ మెయిల్ దొరుకుతుంది. దొరకకపోతే, దొరకలేదన్న విషయమే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అప్పుడు సపోర్ట్ మెయిల్‌కే "గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి" అని పంపండి.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతికి ఫోన్ చేయకండి. రిఫండ్ ఇప్పిస్తామని చెప్పి స్క్రీన్ షేరింగ్ యాప్ పెట్టించేవాళ్లు, యూపీఐ పిన్ కొట్టమనేవాళ్లు అక్కడే కాచుకుని ఉంటారు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. అలా పోగొట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. కోర్సు సైటే మాయమైపోయి, నంబర్లన్నీ మూగబోతే అది కూడా రిఫండ్ గొడవ కాదు, మోసం. దానికి దారి cybercrime.gov.in.

మెయిల్ పొడుగ్గా అక్కర్లేదు. ఇలా ఉంటే చాలు, ఇంగ్లిష్‌లో రాసినా ఇదే క్రమం:

"ఏప్రిల్ 3న ఆర్డర్ నంబరు (మీది) కింద 17,700 రూపాయలు కట్టి ఫలానా కోర్సు కొన్నాను. డబ్బు కట్టగానే 120 పాఠాలు అందుతాయని మీ పేజీలో ఉంది, ప్రతి జతచేశాను. ఈరోజు ఏప్రిల్ 11 వరకు ఒక్క పాఠం కూడా తెరుచుకోలేదు, రికార్డింగ్ జతచేశాను. ఏప్రిల్ 4, 6, 9 తేదీల్లో మీ సపోర్ట్‌కు తెలియజేశాను. మీరు చెప్పిన కూపన్, బ్యాచ్ మార్పు నాకు అక్కర్లేదు. ఇది మనసు మార్చుకుని అడిగే రిఫండ్ కాదు. సేవ అందనందువల్ల కొనుగోలు రద్దు చేస్తున్నాను. జీఎస్టీతో సహా పూర్తి 17,700 రూపాయలను కట్టిన కార్డుకే 15 రోజుల్లో తిరిగి జమ చేయగలరు. లేనిపక్షంలో బ్యాంకులోను, వినియోగదారుల కమిషన్‌లోను ఫిర్యాదు చేస్తాను."

తిట్లు వద్దు, బెదిరింపులు వద్దు, సోషల్ మీడియాలో పెడతామనడం అసలే వద్దు. ఈ మెయిల్ రేపు కమిషన్ సభ్యులు చదివే కాగితం. వాళ్లు చదువుతున్నారనుకునే రాయండి.

బ్యాంకు దారి: కంపెనీ జవాబు కోసం కాచుక్కూర్చోవద్దు

కార్డుతో కట్టినవాళ్లకు చార్జ్‌బ్యాక్ అన్న హక్కు ఉంది. కార్డు ఇచ్చిన బ్యాంకే ఆ డబ్బును వ్యాపారి బ్యాంకు నుంచి వెనక్కి అడుగుతుంది. ఈ అభ్యర్థన కార్డు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే పెట్టాలి. మన ఉదాహరణలో కూతురు కాదు, నాన్నగారు పెట్టాలి, ఆయన రిజిస్టర్డ్ మెయిల్ నుంచి.

బ్యాంకు ఫారంలో కారణాల జాబితా ఉంటుంది. "నేను చేయని లావాదేవీ" అన్నదాన్ని ఎప్పుడూ ఎంచుకోకండి. అది మోసం కింద వస్తుంది, మీరే కట్టారు కాబట్టి అబద్ధమవుతుంది, తిరస్కరిస్తారు. "వస్తువు లేదా సేవ అందలేదు" అన్నదే మీది. వీసా నిబంధనల్లో ఈ కారణానికి మామూలుగా 120 రోజుల గడువు, సేవ అందాల్సిన రోజు నుంచి లెక్క. వెంటనే అందాల్సిన కోర్సు కాబట్టి ఏప్రిల్ 3 నుంచి లెక్కపెడితే ఆగస్టు 1. కానీ ఆ చివరి రోజును నమ్ముకోకండి. బ్యాంకులు తమ లోపలి పనికి తక్కువ గడువు పెట్టుకుంటాయి. కంపెనీకి మెయిల్‌లో ఇచ్చిన 15 రోజులు అయిపోగానే, అంటే ఏప్రిల్ 27న, ఫారం పెట్టేయండి. "ఇంకో వారం చూడండి" అనే మాటలతో నెలలు గడిపించడమే కొన్ని కంపెనీల పద్ధతి. గడువు దాటాక వాళ్ల గొంతు మారుతుంది.

బ్యాంకు తాత్కాలికంగా డబ్బు జమచేసిందని సంబరపడొద్దు. కంపెనీ తన ఆధారాలు పంపితే దాన్ని వెనక్కి తీసుకుంటారు. కంపెనీ పంపేది మామూలుగా రెండు: మీరు ఒప్పుకున్న నిబంధనల పేజీ, మీ లాగిన్ల లాగ్. లాగిన్ అయినంత మాత్రాన పాఠం చూసినట్టు కాదు. తాళం బొమ్మ చూడటానికి కూడా లాగిన్ కావాలి కదా. మీ రికార్డింగ్, 0% స్క్రీన్ ఇక్కడే పనికొస్తాయి. కంపెనీ జవాబును బ్యాంకు మీకు పంపి అభిప్రాయం అడిగితే, బ్యాంకు ఇచ్చిన తక్కువ రోజుల్లోనే ఈ తేడా వివరించి పంపండి.

ఈలోగా కార్డు బిల్లు సంగతి. బ్యాంకు రాతపూర్వకంగా ఆ మొత్తాన్ని ఆపామని చెప్పకపోతే, బిల్లు గడువులోగా పూర్తిగా కట్టేయండి. 17,700 కోసం గొడవపడుతూ దాని మీద వడ్డీ, ఆలస్య రుసుము పెంచుకోవడం నష్టం.

యూపీఐతో కట్టినవాళ్లు యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి అక్కడి నుంచే ఫిర్యాదు పెట్టాలి. సేవ అందలేదన్న కారణం ఎంచుకోవాలి. నిజం చెప్పాలంటే, లావాదేవీ విజయవంతమై డబ్బు వ్యాపారికి చేరిపోయాక యూపీఐ దారి కార్డంత బలంగా పనిచేయదు. ఫిర్యాదు నంబరు కోసం పెట్టండి, ఆశ మాత్రం కింద చెప్పే దారుల మీద పెట్టుకోండి.

ఈఎంఐ మీద కొన్నవాళ్లది వేరే కథ, కాస్త ప్రమాదకరమైనది. "జీరో కాస్ట్ ఈఎంఐ" అని చెప్పినా, చాలాసార్లు మీ పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ రుణం ఇచ్చి, డబ్బు కోర్సు కంపెనీకి ఇచ్చేసి ఉంటుంది. పాఠాలు రాలేదని కిస్తీలు ఆపేస్తే దెబ్బ తగిలేది మీ క్రెడిట్ స్కోరుకు, కోర్సు కంపెనీకి కాదు. రుణం తీసుకున్నప్పుడు ఇచ్చిన కీలక వివరాల పత్రంలో కూలింగ్ ఆఫ్ గడువు ఎంతో చూడండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అది కనీసం ఒక రోజైనా ఉండాలి. ఆ లోపు అయితే అసలు, అప్పటివరకు అయిన వడ్డీ కట్టి, జరిమానా లేకుండా రుణం నుంచి బయటపడవచ్చు. గడువు దాటితే కిస్తీలు కడుతూనే, కోర్సు కంపెనీకి పంపిన మెయిల్ ప్రతిని రుణం ఇచ్చిన సంస్థకు కూడా పంపండి. రిఫండ్ వచ్చినప్పుడు అది రుణ ఖాతాకు వెళ్లిందా, మీరు కట్టిన కిస్తీలు మీకు తిరిగొచ్చాయా, రుణం మూసేసినట్టు పత్రం ఇచ్చారా, ఈ మూడూ విడివిడిగా చూసుకోవాలి.

బ్యాంకు గానీ ఫైనాన్స్ సంస్థ గానీ 30 రోజుల్లో జవాబివ్వకపోతే, లేదా ఇచ్చిన జవాబు సరిగా లేకపోతే, cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఆయన చూసేది బ్యాంకు తప్పునే, కోర్సు కంపెనీ తప్పును కాదు.

1915

ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు, తెలుగులో మాట్లాడవచ్చు. consumerhelpline.gov.in లో కూడా రాయవచ్చు. ఫిర్యాదుకు ఒక నంబరు ఇచ్చి కంపెనీకి పంపుతారు. ఇది కోర్టు కాదు, తీర్పు ఇవ్వదు, బలవంతం చేయదు. అయినా కంపెనీలో సపోర్ట్ చాట్ చూసే మనిషి ఒకరు, ఇక్కడి ఫిర్యాదులు చూసే మనిషి ఇంకొకరు. చాలా గొడవలు ఆ రెండో మనిషి దగ్గరే తెగిపోతాయి. "పరిష్కరించాం" అని కంపెనీ రాసి ఫైలు మూసేస్తే ఊరుకోకండి, డబ్బు రాలేదని తిరిగి రాయండి.

విశాఖ జిల్లా కమిషన్‌లో కేసు

నిబంధనల పేజీలో "వివాదాలన్నీ బెంగళూరు కోర్టుల పరిధిలోనే" అని చూసి చాలామంది ఇక్కడే వదిలేస్తారు. వదలక్కర్లేదు. 2019 చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు. కోర్టుకు బదులు ప్రైవేటు మధ్యవర్తి తీర్పుకు, అంటే ఆర్బిట్రేషన్‌కు వెళ్లాలన్న షరతు కూడా మిమ్మల్ని ఆపలేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కును ఆ షరతు తీసేయదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఎమార్ ఎంజీఎఫ్ కేసులో తేల్చింది. మద్దిలపాలెం చిరునామా ఉన్న ఆధార్ కార్డు ఒక్కటి జతచేస్తే పరిధి ప్రశ్న తీరిపోతుంది.

50 లక్షల రూపాయల వరకు జిల్లా కమిషన్ చూస్తుంది. లెక్క మీరు కట్టిన డబ్బుది, అడిగే పరిహారానిది కాదు. కట్టింది 5 లక్షల లోపైతే కేసు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. లాయర్ తప్పనిసరి కాదు.

e-jagriti.gov.in లో ఖాతా తెరిచి, రాష్ట్రం, జిల్లా ఎంచుకుని, ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు. విశాఖపట్నంలో కమిషన్లు రెండున్నాయి, ఒకటి, రెండు అని. మీ ప్రాంతం దేని కిందికి వస్తుందో ముందు వాటి కార్యాలయంలో అడిగి తెలుసుకుంటే ఫైలు తిరిగి రాదు. పెట్టాల్సినవి: తేదీల వరుస ఒక పేజీ, ఫిర్యాదు, నోటరీ చేయించిన అఫిడవిట్, చిరునామా రుజువు, జతపరిచే ఆధారాలు నంబర్లు వేసి. కార్డు నాన్నగారిది, చదివేది కూతురు కాబట్టి ఇద్దరినీ ఫిర్యాదుదారులుగా చూపించడం మంచిది. డబ్బు కట్టినవారూ, వారి అనుమతితో సేవ వాడుకునేవారూ ఇద్దరూ చట్టం దృష్టిలో వినియోగదారులే. ఎదుటి పక్షంగా జీఎస్టీ సైట్‌లో కనిపించిన కంపెనీ పేరు, చిరునామా రాయండి, యాప్ పేరును దాని పక్కన పెట్టండి. యాప్ పేరు ఒక్కటే రాస్తే నోటీసు చేరదు, చేరకపోతే కేసు కదలదు.

ఫిర్యాదులో అడగాల్సింది సూటిగా ఉండాలి: 17,700 రూపాయలు, కట్టిన రోజు నుంచి వడ్డీ, ఇబ్బందికి కొంత పరిహారం, ఖర్చులు. సేవాలోపం, సేవ సరిగా లేకపోయినా రిఫండ్ నిరాకరించడమనే అనుచిత వాణిజ్య విధానం, ఈ రెండు కారణాలూ చాలు. "కంపెనీ నిబంధనలు అన్యాయమైన ఒప్పందం, రద్దు చేయండి" అని అడగకండి. అలాంటి ఫిర్యాదులు వినే అధికారం చట్టం ప్రకారం రాష్ట్ర కమిషన్‌ది, జిల్లా కమిషన్‌ది కాదు. ఆ ఒక్క వాక్యం వల్ల అనవసరమైన అభ్యంతరం ఎదురవుతుంది.

కంపెనీ తరఫు లాయర్ తెచ్చే వాదన ఇంకొకటి ఉంది: "చదువు చెప్పడం సేవ కాదు, వినియోగదారుల చట్టం మాకు వర్తించదు." కాలేజీలు, విశ్వవిద్యాలయాల విషయంలో జాతీయ కమిషన్ అలా చెప్పిన మాట నిజమే, 2020 జనవరి 20న మను సోలంకి కేసులో. కానీ కోచింగ్ సంస్థలు ఆ మినహాయింపులోకి రావని అదే తీర్పులో ఉంది. గుర్తింపు ఉన్న డిగ్రీ ఇవ్వకుండా వీడియో పాఠాలు అమ్మే సంస్థ కోచింగ్ వైపే ఉందని మీరు చెప్పాలి. కోర్సు ఏదైనా విశ్వవిద్యాలయం పేరుతో డిగ్రీ ఇచ్చేదైతే మాత్రం ఈ వాదన గట్టిగానే ఎదురవుతుంది, అప్పుడు లాయర్ సలహా తీసుకోండి.

ఫిర్యాదు స్వీకరించి నోటీసు పంపాక కంపెనీ 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి, కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వవచ్చు, అంతకు మించి లేదు. వస్తువును ల్యాబ్‌లో పరీక్షించే అవసరం లేని కేసును మూడు నెలల్లో ముగించాలని చట్టం చెబుతుంది, వాస్తవంలో ఎక్కువే పడుతుంది. తీర్పు మీకు అనుకూలంగా వచ్చాక కంపెనీ అప్పీలు చేయాలంటే ఆ మొత్తంలో సగం ముందు కట్టాలి. 17,700 కోసం బెంగళూరు నుంచి లాయర్‌ను పంపడం కంటే ఇచ్చేయడమే వాళ్లకు చవక. అందుకే నోటీసు అందాక రాజీ ఫోన్లు మొదలవుతాయి.

ఆ ఫోన్లలో "ముందు కేసు ఉపసంహరించుకోండి, తర్వాత డబ్బు వేస్తాం" అంటే ఒప్పుకోవద్దు. డబ్బు ఖాతాలో పడ్డాకే ఉపసంహరణ మెమో. పడిన మొత్తం 17,700 ఉందా, ప్రాసెసింగ్ చార్జీ పేరుతో గానీ జీఎస్టీ పేరుతో గానీ కోసేశారా చూడండి. కార్డుకు రిఫండ్ పంపామని చెబితే ఏఆర్ఎన్ నంబరు అడగండి. అది చెబితే డబ్బు ఎక్కడ ఉందో బ్యాంకు వెతకగలదు. చార్జ్‌బ్యాక్ కూడా నడుస్తుంటే, ఏ వైపు నుంచి డబ్బు ముందు వస్తే రెండో వైపుకు ఆ విషయం రాసి ఆపించండి. ఒకే డబ్బు రెండుసార్లు తీసుకుంటే తర్వాత మీరే జవాబు చెప్పుకోవాలి. నెలనెలా డబ్బు లాగే ఆటోపే అనుమతి ఏదైనా ఇచ్చి ఉంటే, అది సభ్యత్వానిదా, రుణ కిస్తీదా చూసుకోండి. సభ్యత్వానిదైతే వెంటనే తీసేయండి, రుణానిదైతే మూసివేత పత్రం చేతికొచ్చాకే తీసేయండి.